సర్వేలో బంగారం బయటపడితే: 850 గ్రాముల లెక్క ఒక్కటే ఎందుకు సరిపోదు

ఆదాయపు పన్ను అధికారులు దుకాణానికి సర్వేకి వచ్చారు, ఇనప్పెట్టె తెరిపించారు, లోపల ఇంట్లోవాళ్ల నగలు కనిపించాయి అనగానే చుట్టుపక్కల అందరూ చెప్పే మాట ఒకటుంది: "పెళ్లయిన ఆడవాళ్లకి 500 గ్రాములు, పెళ్లికాని అమ్మాయికి 250, మగవాళ్లకి 100 దాకా అడగరండీ." ఇందులో సగమే నిజం. మిగతా సగం తెలియక, రెండు వాక్యాల జవాబు రాసి పంపి, తర్వాత లక్షల్లో డిమాండు వచ్చాక ఆడిటరు దగ్గరికి పరుగెత్తేవాళ్లు చాలామంది. నగలకి జవాబు మొత్తం బరువు మీద నిలబడదు. పెట్టెలో ఉన్న ఒక్కో వస్తువు ఎవరిది, ఏ దారిన వచ్చింది, ఆ దారికి కాగితం ఏది అన్నదాని మీద నిలబడుతుంది.

దీన్ని ఒక ఊహాకుటుంబం లెక్కతో చూద్దాం. తెనాలిలో ఎరువుల దుకాణం. 2022 నవంబరులో సర్వే జరిగింది. ఇంటికి మరమ్మతులు జరుగుతున్నాయని నగలన్నీ దుకాణం వెనక గదిలోని ఇనప్పెట్టెలో పెట్టారు. అధికారులు తూయించి జాబితా రాశారు. రాళ్లు, లక్క పోను నికర బరువు 880 గ్రాములు తేలింది. అందులో 780 గ్రాములు నగలు, 100 గ్రాములు పదేసి గ్రాముల నాణేలు. కుటుంబంలో యజమాని, 1998లో పెళ్లయి వచ్చిన భార్య, పెళ్లికాని 21 ఏళ్ల కూతురు. యజమాని తండ్రి 2009లో, తల్లి 2016లో పోయారు. ఆయనకి ఒక చెల్లెలు ఉంది.

ముందు సర్వే అంటే ఏమిటో, ఏది కాదో తెలియాలి. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 133ఎ కింద జరిగేది సర్వే. వ్యాపార స్థలానికి వచ్చి పుస్తకాలు, సరుకు, నగదు సరిచూస్తారు, విలువైన వస్తువుల జాబితా రాస్తారు, వాంగ్మూలం తీసుకుంటారు. కారణం రాసిపెట్టి ఖాతా పుస్తకాలను తమ దగ్గర ఉంచుకోవచ్చు. కానీ నగదు, సరుకు, నగలు వంటివాటిని అక్కడి నుంచి తీసుకుపోయే అధికారం సర్వేలో లేదు. చట్టం ఆ మాట సూటిగానే చెప్పింది. నగలు స్వాధీనం చేసుకోవాలంటే సెక్షన్ 132 కింద సోదా ఉత్తర్వు కావాలి. సర్వే మధ్యలో సోదాగా మారిన సందర్భాలు లేకపోలేదు గానీ, అందుకు వేరే అనుమతి, వేరే వారంటు ఉండాలి.

ఇప్పుడు ఆ 500, 250, 100 సంగతి. ఇవి ఆదాయపు పన్ను శాఖ పైనున్న ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు, అంటే సీబీడీటీ, 1994 మే 11న ఇచ్చిన 1916వ నంబరు సూచనలోవి. సోదాకి వెళ్లిన అధికారి, సంపద పన్ను కట్టని కుటుంబంలో ఇంతవరకు నగలు దొరికితే స్వాధీనం చేసుకోనక్కర్లేదు అన్నది దాని సారం. కుటుంబం హోదా, ఆ సామాజిక వర్గం ఆచారాలు చూసి అంతకన్నా ఎక్కువ కూడా వదిలేయొచ్చని అందులోనే ఉంది. 2016 డిసెంబరు 1న సీబీడీటీ మరోసారి ప్రకటన ఇచ్చి, లెక్క చూపగల ఆదాయంతోనో వారసత్వంగానో వచ్చిన నగలకి పరిమితే లేదని చెప్పింది. గమనించాల్సిందేమిటంటే, సూచన మాట్లాడింది స్వాధీనం గురించి. ఇంత బరువుకి మూలం అడగకూడదని అందులో లేదు. రత్నలాల్ వ్యాపారీలాల్ జైన్ కేసులో గుజరాత్ హైకోర్టు 2010లో, శాఖ వేరే ఆధారమేదీ చూపనప్పుడు ఈ పరిమితిలోపు నగలకి మూలం కూడా చూపినట్టే అనుకోవచ్చంది. అదే దారిలో నడిచిన తీర్పులు ఇంకా ఉన్నాయి. స్వాధీనం చేయకపోవడం వేరు, మూలం ఒప్పుకోవడం వేరు అన్న వాదనా అధికారుల వైపు నుంచి ప్రతి కేసులో వస్తూనే ఉంటుంది. కాబట్టి ఈ సూచన మన జవాబుకి ఆసరాగా పనికొస్తుంది. జవాబే అదయితే మాత్రం చిక్కు.

మన తెనాలి కుటుంబానికి పరిమితులన్నీ కలిపితే 850. దొరికిన నగలు 780. సరిపోయిందనుకుని ఊరుకుంటే రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. ఒకటి, సూచనలో ఉన్నది నగలు, ఆభరణాలు అనే. నాణేలు, బిస్కెట్లు ఆభరణాలు కావు. 100 గ్రాముల నాణేలకి ఆ గొడుగు అసలు పట్టదు. రెండోది కొంచెం లోతైనది, నగ ఎవరిది అన్న ప్రశ్న. అది సర్వే రోజు ఇచ్చిన వాంగ్మూలంతోనే మొదలవుతుంది.

ఆ రోజు సాయంత్రం యజమానిని అడిగారు, ఇవన్నీ ఎవరివని. కంగారులో ఆయన, "మా ఇంట్లోవాళ్లవేనండీ. కాసులపేరు, కంకణాలు మా అమ్మవి, ఆవిడ పోయాక మా ఆవిడకి వచ్చాయి" అన్నాడు. వినడానికి మామూలు మాటే, ఏ ఇంట్లోనైనా ఇలాగే అంటారు. కానీ చట్టం లెక్కలో ఇది పొసగదు. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 15 ప్రకారం వీలునామా రాయకుండా పోయిన స్త్రీ ఆస్తి ముందుగా కొడుకులకి, కూతుళ్లకి, భర్తకి సమానంగా పోతుంది. కోడలికి వారసత్వం రాదు. అత్తగారి నగ కోడలికి చేరాలంటే ఆవిడ బతికుండగా చేతికిచ్చి ఉండాలి, లేదా వీలునామాలో రాసి ఉండాలి. "పోయాక వచ్చింది" అంటే వారసత్వం. వారసత్వమైతే కాసులపేరు కొడుకుది, అందులో చెల్లెలికీ వాటా ఉంది. "పెళ్లిలో మెడలో వేసింది" అంటే బహుమతి, అప్పుడు కోడలిది. ఏ దారి చెబితే ఆ దారి కాగితాలే కావాలి. ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి చెబితే అధికారి రెండూ నమ్మడు, నమ్మకపోవడంలో తప్పూ లేదు.

సర్వేలో ఇచ్చిన వాంగ్మూలం ప్రమాణం చేసి ఇచ్చేది కాదు. అది ఒక్కటే పెట్టుకుని ఆదాయం కలపడం కుదరదని ఖాదర్ ఖాన్ సన్ కేసులో మద్రాసు హైకోర్టు అన్నదాన్ని 2012లో సుప్రీంకోర్టు సమర్థించింది. సర్వేలో, సోదాలో దాచిన ఆదాయం ఉందని బలవంతంగా ఒప్పించొద్దని, ఆధారాలు సేకరించాలని సీబీడీటీ 2003 మార్చి 10న తన అధికారులకే రాసింది. అయినా వాంగ్మూలంలో పడ్డ మాటని తర్వాత మార్చడం చిన్న పని కాదు. అందుకని ఆ రోజు "ఏది ఎవరిదో ఇప్పుడు చెప్పలేను, ఇంట్లోవాళ్లని అడిగి, కాగితాలు చూసి రాతలో ఇస్తాను" అనడం పూర్తిగా చెల్లే జవాబు. తప్పు చెప్పేశామని తెలిస్తే నోటీసు వచ్చేదాకా ఆగకుండా కొద్ది రోజుల్లోనే సవరణ లేఖ, అఫిడవిట్ ఇవ్వాలి. ఏడాదిన్నర తర్వాత గుర్తొచ్చిన నిజానికి విలువ తక్కువ. భార్య నగల గురించి భార్యే చెప్పాలన్నది కూడా చాలామంది మర్చిపోయే సంగతి. నగ ఎవరి అధీనంలో ఉందో వారిదేనని చట్టం ముందుగా అనుకుంటుంది. దుకాణం పెట్టెలో ఉన్నాయి కాబట్టి అన్నీ యజమానివే అని మొదలుపెట్టిన లెక్కని మార్చాల్సిన బరువు మన మీదే.

ఈ కేసులో కొన్నాళ్లకి స్క్రూటినీ నోటీసు, ఆ వెనక సెక్షన్ 142(1) కింద ప్రశ్నలు, చివరికి షోకాజ్ వచ్చాయనుకుందాం. నగలు గ్రాము 4,750 చొప్పున, నాణేలు 5,200 చొప్పున కట్టి మొత్తం 42,25,000 రూపాయలని సెక్షన్ 69ఎ కింద లెక్క చూపని సంపదగా ఎందుకు కలపకూడదో చెప్పమన్నారు. ఆ సెక్షన్ కింద కలిపితే మామూలు స్లాబులు వర్తించవు. ఆ సంవత్సరానికి సెక్షన్ 115బిబిఇ రేటు 60 శాతం, దాని మీద 25 శాతం సర్‌ఛార్జి, ఆపైన 4 శాతం సెస్సు, వెరసి 78 శాతం. అంటే 32,95,500 రూపాయలు, వడ్డీ, జరిమానా కాకుండా. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. తర్వాతి సంవత్సరాల కేసులున్నవాళ్లు నంబరుతో పాటు రేటు కూడా తమ సంవత్సరానిదే చూసుకోవాలి.

జవాబు రాయడానికి కూర్చున్నప్పుడు మొదటి పని సర్వే జాబితా నకలు ముందు పెట్టుకోవడం. అందులో వరస నంబరు 7 దగ్గర "నెక్లెస్" అని రాసి ఉంటే, మన జవాబులో అదే వస్తువుని "హారం" అనకూడదు. జాబితాలోని పేరు, నంబరు, నికర బరువు యథాతథంగా ఎత్తుకుని, పక్కన ఎవరిది, ఎలా వచ్చింది, ఏ సంవత్సరం, ఆధారం ఎన్నో పేజీ అని రాసుకుంటూ పోవాలి. ఈ పట్టిక తయారైతే సగం పని అయినట్టే.

మన పట్టికలో మొదటి గుంపు భార్య పెళ్లి నగలు. వడ్డాణం 164 గ్రాములు, ఆరు గాజులు 96, సూత్రాల గొలుసు 42, హారం 88, మొత్తం 390. పుట్టింటివాళ్లు పెట్టినవి. పెళ్లి సందర్భంగా వచ్చిన బహుమతి మీద పన్ను లేదు, తల్లిదండ్రుల బహుమతికి ఎప్పుడూ లేదు. చేతికిచ్చిన కదిలే ఆస్తి బహుమతికి రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. కాబట్టి "గిఫ్ట్ డీడ్ ఏది" అన్న ప్రశ్నకి, లేదు, అవసరం కూడా లేదు అని ధైర్యంగా రాయొచ్చు. అవసరమైంది వేరే: ఆ నగ ఆ రోజున ఉందని, పెట్టినవాళ్లకి పెట్టే స్తోమత ఉందని చూపడం. శుభలేఖ, పెళ్లి ఆల్బమ్, పుట్టింటివాళ్ల పొలం పట్టాదారు పాసుపుస్తకం, భార్య తల్లి అఫిడవిట్ పెట్టారు. 1998 నాటి కొట్టు బిల్లు ఎవరి దగ్గరుంటుంది? లేదని నిజమే రాశారు.

ఫొటోల విషయంలో ఒక మాట. ఆల్బమ్ మొత్తం స్కాన్ చేసి అప్‌లోడ్ చేస్తే ఎవరూ చూడరు. నగలు స్పష్టంగా కనిపించే నాలుగైదు ఫొటోలు ఎంచి, ప్రతి నగకి జాబితా నంబరు వేసి, ఇప్పుడు అదే నగని అదే కోణంలో తీసిన ఫొటో పక్కన పెట్టాలి. వడ్డాణం మధ్యలో లక్ష్మీదేవి బిళ్ల, దాని చుట్టూ ఎర్రరాళ్ల వరస రెండింట్లోనూ ఒకేలా కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు.

ఈ గుంపు గురించి రాసేటప్పుడు "కట్నంగా ఇచ్చిన బంగారం" అని రాసిన జవాబులూ ఉంటాయి. పన్ను తప్పించుకోబోయి ఇంకో చట్టంలో తల దూర్చడం అన్నమాట. పుట్టింటివాళ్లు ఇష్టపూర్వకంగా పెట్టినది స్త్రీధనం, ఆ మాటే రాయాలి. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాల ప్రకారం పెళ్లిలో వచ్చిన బహుమతుల జాబితా రాసి, ఇచ్చినవారి పేరు, బంధుత్వం, ఇంచుమించు విలువ వేసి, వధూవరులు సంతకాలు పెట్టాలి. పాటించే ఇళ్లు అరుదు. ఉన్నవాళ్లకి మాత్రం పన్ను అధికారి ముందు అంతకన్నా మంచి కాగితం లేదు.

అశోక్ చద్దా కేసు ఇక్కడ ఉదహరించదగ్గది. 906.9 గ్రాముల నగలు దొరికితే, పాతికముప్పై ఏళ్ల వైవాహిక జీవితంలో ఒక స్త్రీకి అంత బంగారం సమకూరడం అసాధారణమేమీ కాదని, అది స్త్రీధనమని ఢిల్లీ హైకోర్టు 2011లో అంది. మన కేసులో భార్యకి సర్వే నాటికి 24 ఏళ్ల కాపురం.

రెండో గుంపు అసలు చిక్కుముడి: కాసులపేరు 112 గ్రాములు, కంకణాలు 58. వాంగ్మూలంలో భార్యవన్నారు. నిజం తవ్వితే తల్లి ప్రాణం ఉన్నంతవరకు అవి ఆవిడ దగ్గరే ఉన్నాయి. ఆ నిజాన్ని చూపించిన కాగితం కూడా ఇంట్లో దొరికింది. 2011లో పంట పెట్టుబడికి ఆవిడ సహకార బ్యాంకులో బంగారం కుదువపెట్టి అప్పు తీసుకుంది. అప్పటి అప్రైజరు చీటీలో "కాసులపేరు 1, కంకణాలు 2" అని, ఒక్కోదాని మొత్తం బరువు, నికర బరువు, తేదీ, బ్యాంకు ముద్ర ఉన్నాయి. మన ఊళ్లలో పాత బంగారానికి ఇంతకి మించిన సాక్ష్యం అరుదు. బ్యాంకుకి మన కేసుతో సంబంధం లేదు, తూచింది వాళ్ల మనిషి, తేదీ పదకొండేళ్ల కిందటిది. చీటీ పోయినా అప్పు ఖాతా స్టేట్‌మెంట్ అడిగి తెచ్చుకునే ప్రయత్నం చేయొచ్చు. బంగారం తాకట్టు పెట్టామని చెప్పుకోవడం నామోషీ అనుకుని ఈ కాగితాన్ని దాచేవాళ్లున్నారు, అది తెలివితక్కువ పని.

కానీ అదే చీటీ ఇంకో తలుపు మూసేసింది. 2011లో తల్లి పేరున కుదువలో ఉన్న నగ 1998లోనే కోడలికి బహుమతిగా ఇచ్చేశారని ఇక చెప్పలేరు. మిగిలింది వారసత్వం. అంటే అవి యజమానివి, చెల్లెలి వాటా పోను. అందుకని జవాబులో దాదాపు ఇలా రాశారు: "జాబితా వరస నంబర్లు 5, 6 నా తల్లిగారివి. సర్వే రోజు అవి నా భార్యకు వచ్చాయని చెప్పాను. అవి మా ఇంట్లో నా భార్య సంరక్షణలో ఉన్నందున అలా అన్నాను. నా తల్లి వీలునామా లేకుండా 2016లో మరణించారు. వారసులం నేను, నా చెల్లెలు. ఆమె తల్లిగారి హారం, రెండు పేటల గొలుసు తీసుకుంది, ఇవి నాకు వచ్చాయి. ఆమె అఫిడవిట్ జతపరిచాను." తల్లి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, బ్యాంకు చీటీ, చెల్లెలి అఫిడవిట్ వరసగా పెట్టారు. వారసత్వంగా వచ్చినదాని మీద పన్ను లేదు.

అఫిడవిట్ అంటే ఎవరైనా రాసిస్తారు కదా అని అధికారి తోసిపుచ్చవచ్చు. 1956లో మెహతా పారిఖ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. అఫిడవిట్ ఇచ్చినవారిని పిలిచి ప్రశ్నించకుండా, ఎదురు ఆధారం చూపకుండా దాన్ని ఊరికే కాదనడానికి లేదు. అందుకే జవాబులో "అవసరమైతే ఆమె స్వయంగా హాజరై చెప్పడానికి సిద్ధం" అన్న వాక్యం వేశారు. అఫిడవిట్‌లో బరువు రాసే తీరు కూడా చూసుకోవాలి. పెద్దవాళ్లు కాసుల్లో చెబుతారు. కాసు ఎనిమిది గ్రాములు, 14 కాసులంటే 112, సరిపోయింది. అదే తులాల్లో చెబితే పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు కొట్టుల్లో అనే తులం 10 గ్రాములు. ఏ తులమో రాయకపోతే పది తులాల నగకి 16 గ్రాముల పైనే తేడా వచ్చి, ఇది ఆ నగ కాదనే మాట వస్తుంది.

ఇప్పుడు 850 లెక్కకి తిరిగి చూడండి. వారసత్వం దారి ఎంచుకున్నాక యజమాని పేరున 170 గ్రాములు చేరాయి. ఆయన సొంత గొలుసు, పెళ్లి ఉంగరం 42. మొత్తం 212, మగవారి పరిమితి 100. పైన మిగిలింది సరిగ్గా కాసులపేరు అంత. పరిమితి మీదే ఆధారపడి ఉంటే ఈ 112 గ్రాములు ప్రశ్నలో పడేవి. బ్యాంకు చీటీ ఉంది గనుక పరిమితితో పనే లేకపోయింది.

మూడో గుంపులో ఒకే నగ, 86 గ్రాముల కొత్త నెక్లెస్. ఇదీ పెళ్లినాటిదేనని భార్య మొదట అంది. కానీ కొక్కెం దగ్గర హాల్‌మార్క్ పక్కనే ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకి విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్, ఉంది. ఈ పద్ధతి వచ్చిందే 2021 జులైలో. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొడితే నగల వ్యాపారి రిజిస్ట్రేషను, హాల్‌మార్క్ వేసిన కేంద్రం, తేదీ వచ్చేస్తాయి. తాతలనాటి నగ అని చెప్పిన వస్తువు మీద హెచ్‌యూఐడీ కనిపిస్తే ఆ ఒక్క నగే కాదు, మిగతా జవాబు మీద నమ్మకం కూడా పోతుంది. జవాబు రాసేముందు భూతద్దం పెట్టి ప్రతి నగ వెనకా చూసుకోవడం అధికారి కన్నా ముందు మనం చేయాల్సిన పని.

భార్య అబద్ధం ఆడిందా అంటే అదీ కాదు. బంగారం పెళ్లినాటిదే, నగ మాత్రం కొత్తది. 2021 డిసెంబరులో నాలుగు పాత గాజులు, 64 గ్రాములు, కొట్టులో ఇచ్చి మార్పిడి చేసుకున్నారు. తరుగు పోను 60 గ్రాములకి విలువ కట్టారు. మిగతా 26 గ్రాముల ధర, మజూరీ, మూడు శాతం జీఎస్టీ కలిపి 1,76,000 పైచిలుకు కార్డుతో కట్టారు. కాబట్టి దీనికి రెండు మూలాలు రాయాలి: 60 గ్రాములకి 1998 పెళ్లి, మిగతాదానికి బ్యాంకు ఖాతా. పాత బంగారం కొన్నట్టు కొట్టువాళ్లు ఇచ్చిన రసీదు, కొత్త నగ బిల్లు, కార్డు చెల్లింపు కనిపించే స్టేట్‌మెంట్ జతపరిచారు. పెళ్లి ఫొటోలో రెండు చేతులకీ అయిదేసి గాజులు. పెట్టెలో దొరికినవి ఆరు. మిగతా నాలుగు ఎక్కడికి పోయాయో ఈ రసీదు చెప్పింది. మార్పిడి రసీదు అడిగి తీసుకునే అలవాటు మనవాళ్లకి తక్కువ. కొట్టువాడు బిల్లులో "పాత బంగారం తగ్గింపు" అని ఒక్క గీత వేసి వదిలేస్తే, ఆ పాత బంగారం బరువెంతో, ఎలాంటి వస్తువో ఎక్కడా ఉండదు.

కూతురి 92 గ్రాములు 2019లో కొన్నవి. కొన్నదానికి బిల్లు ఉంటే చాలనుకుంటాం, బిల్లు సగం ఆధారమే. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపేదాకా అది పూర్తి కాదు. తండ్రి పేరున, పాన్ నంబరుతో బిల్లు, ఆయన ఖాతా నుంచి చెల్లింపు, దుకాణం పుస్తకాల్లో అదే తేదీన సొంత వాడకానికి తీసినట్టు పద్దు ఉన్నాయి. తండ్రి కూతురికి ఇవ్వడం మీద పన్ను లేదు. రెండు లక్షలు, ఆపైన నగదుగా కట్టి కొన్న బిల్లయితే 2017 ఏప్రిల్ నుంచి ఆ నగదు తీసుకోవడమే నిషిద్ధం కనుక, కొట్టువాళ్లకి కొత్త తలనొప్పి, మనకి నగదు ఎక్కడిదన్న ఇంకో ప్రశ్న. సర్వే తర్వాత పాత తేదీ వేయించి తెచ్చిన బిల్లు గురించి చెప్పేదొకటే. అధికారి కొట్టుకి నేరుగా లేఖ రాసి అడుగుతాడు, వాళ్లు జీఎస్టీ రిటర్నులో చూపిన అమ్మకాలతో పోలుస్తాడు. 2017 జులైకి ముందు తేదీ వేసిన బిల్లు మీద జీఎస్టీ నంబరు అచ్చయి ఉంటే పోల్చి చూసే అవసరం కూడా రాదు. అక్కడితో పన్ను గొడవ కాస్తా తప్పుడు పత్రాల నేరమవుతుంది.

ఇక నాణేలు. పదింటిలో నాలుగింటికి అక్షయ తృతీయ నాటి బిల్లులు, ఖాతా నుంచి కట్టిన ఆధారం ఉన్నాయి. ఆరింటికి ఏమీ లేవు. ఏడాదికొకటి చొప్పున నగదుతో కొన్నామన్నారు, నిజమే కావచ్చు. కానీ పుస్తకాల్లో ఇంటి ఖర్చులకి తీసినది నెలకి పదిహేను వేలు. ముగ్గురున్న ఇల్లు, కూతురి చదువు అందులోనే నడవాలి. అందులోంచి నాణెం కొనడానికి మిగులు చూపలేరు. ఇక్కడ ఆడిటరు చెప్పిన సలహా నాకు సబబుగానే తోస్తుంది: ఈ ఆరింటినీ లాగి వాదిస్తే మిగతా 820 గ్రాముల జవాబుకీ మచ్చ పడుతుంది, వదిలేయండి అని.

వదిలేయడానికీ ఒక వేళ ఉంది. 60 గ్రాములు, గ్రాము 5,200 చొప్పున 3,12,000 రూపాయలు. 60 శాతం పన్ను 1,87,200, సర్‌ఛార్జి 46,800, సెస్సు 9,360, మొత్తం 2,43,360. దీనిపైన సెక్షన్ 271ఎఎసి జరిమానా, ఆ 1,87,200లో పది శాతం, 18,720. సర్వే నవంబరులో జరిగింది. అదే ఆర్థిక సంవత్సరం మార్చి 31లోపు ఈ పన్ను కట్టేసి, రిటర్నులో ఆ మొత్తాన్ని తామే చూపి ఉంటే జరిమానా పడేది కాదు. వీళ్లు షోకాజ్ వచ్చేదాకా ఆలోచించారు కనుక అదీ కట్టాల్సి వచ్చింది, వడ్డీ అదనం.

మిగతా 780 గ్రాముల నగలు, నాలుగు నాణేలు పట్టికలో ఉన్నట్టే ఒప్పుకుని ఉత్తర్వు వచ్చిందనుకుందాం. ఒప్పుకోకపోతే ఉత్తర్వు అందిన 30 రోజుల్లో కమిషనర్ అప్పీల్స్ దగ్గరికి వెళ్లొచ్చు. అక్కడ అధికారి ముందు పెట్టని కొత్త కాగితం పెట్టాలంటే, ముందే ఎందుకు ఇవ్వలేకపోయామో కారణం చూపాలి. కాబట్టి బ్యాంకు చీటీ, మార్పిడి రసీదు, అఫిడవిట్లు ఏవైనా సరే, షోకాజ్‌కి ఇచ్చే జవాబుతోనే పోర్టల్‌లో ఎక్కించి, వచ్చిన రసీదు నంబరు దాచుకోవాలి.